ఎడమ చెవి పోటు, చెవిలో ఏమీ లేదంట. పన్నా, సైనసా, దవడ కీలా?

కందుకూరు_వాసు (సోమవారం రాత్రి)
మా వదినకి 44 ఏళ్లు. షుగరు ఉంది, మాత్రలు వాడతా ఉంది. మూడు వారాలుగా ఎడమ చెవిలో పోటు. చెవి దగ్గర మొదలై పైకి కణత దాకా, కిందికి దవడ వెంబడి గడ్డం దాకా లాగుతా ఉందంట. చెవి డాక్టరు చూసి లోపల శుభ్రంగా ఉందన్నారు. చుక్కలు వేసినా తగ్గలా. ఇంకో చోట ముఖానికి ఎక్స్‌రే తీసి, ఎడమ సైనసు కొంచెం మసకగా ఉందని యాంటీబయాటిక్ ఇచ్చారు. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. పై పళ్లా కింది పళ్లా అని అడిగితే ఒకసారి పైన అంటది, ఒకసారి కింద అంటది. నోరు తెరిస్తే చెవి ముందర టక్కుమంటది కూడా, అది పెళ్లికి ముందు నుంచే ఉందంట. అద్దంలో చూస్తే పుచ్చు పన్ను ఏదీ కనపడలా. ఇప్పుడు ఎవరి దగ్గరికి తీసకపోవాల?

పెన్నాగట్టు
చెవిలో గులిమి గట్టిపడితే ఇట్టానే ఉంటది. రెండు రోజులు కొబ్బరి నూనె పోసి నానబెట్టి కడిగించండి.

కందుకూరు_వాసు
@పెన్నాగట్టు గులిమి లేదన్నా. గొట్టం పెట్టి చూశారు, చెవి శుభ్రంగా ఉందన్నారు.

గూడూరు_ఈఎన్‌టీ
నూనె పోయొద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే అనవసరంగా లోపలికి పోతుంది. చెవిదే జబ్బయితే తెలిసే గుర్తులుంటాయి. బయటి చెవి పుండైతే చెవి డొప్ప పట్టి లాగినా, చెవి రంధ్రం ముందున్న చిన్న బుడిపెని నొక్కినా ప్రాణం పోయినంత నొప్పి వస్తుంది. మధ్య చెవిలో చీము పడితే వినికిడి మందగిస్తుంది, కర్ణభేరి ఎర్రగా ఉబ్బి కనిపిస్తుంది. ఇవేవీ లేకుండా పెద్దవాళ్లకి చెవి పోటు వస్తే, నొప్పి పుట్టేది వేరే చోట అనుకుని వెతకాలి. కింది పళ్లకీ దవడ కీలుకీ చెవి ముందు భాగానికీ పోయేది ఒకే నరం కొమ్మలు. మెదడుకి ఏ కొమ్మ నుంచి వార్త వచ్చిందో తేడా తెలియదు.

ఒక్కటి అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. ఆమెకి పొగాకు, వక్క నమిలే అలవాటుందా? మింగేటప్పుడు గొంతులో ఒకే పక్క నొప్పిగానీ, మెడలో గడ్డగానీ ఉందా? చెవి బాగుండి మూడు వారాలు దాటిన ఒక పక్క చెవి పోటులో నాలుక మొదలూ గొంతూ చూడకుండా వదలకూడదు.

కందుకూరు_వాసు
పొగాకు లేదు డాక్టరుగారూ. మింగితే నొప్పి లేదు, గడ్డలేమీ లేవు.

మందులషాపు_అద్దంకి
ఎక్స్‌రేలో సైనసు మసకగా ఉందంటే సైనసే. నాలుగు రోజులకే ఆపేసి ఉంటారు, అందుకే తిరగబెట్టింది. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కలిపి ఏడు రోజులు వాడితే పన్నయినా సైనసయినా రెండూ పోతాయి. మా షాపులో రోజూ చూస్తుంటాం.

పొదిలి_రమణయ్య
నాకు సైనసు వచ్చినప్పుడు నొప్పి ఇట్టా లేదు. పైన దవడ పళ్లు నాలుగూ ఒకేసారి పీకేవి. బూటు లేస్‌లు కట్టుకోవడానికి వంగితే చెంప బరువెక్కిపోయేది, గుంతల రోడ్డు మీద బండి ఎగిరితే పళ్లు జివ్వుమనేవి. ముక్కు బిగేసి, చిక్కటి పసుపు చీమిడి వచ్చేది. చెవి పోటు అసలు లేదు.

ఒంగోలు_పంటిడాక్టరు
రమణయ్యగారు చెప్పింది అచ్చమైన సైనసు లక్షణం. సైనసు నేల మీద పై దవడ పళ్ల వేర్లు ఆనుకుని ఉంటాయి కాబట్టి ఒక పన్ను కాదు, వరసలో మూడు నాలుగు నొప్పి పుడతాయి. అదీ పైన మాత్రమే.

వాసుగారూ, మీరు రాసినదాన్ని బట్టి ఇంకా తేల్చలేం. మాత్ర వేయకముందు ఇంట్లోనే ఇవి చూసి రాయండి. మాత్ర పనిచేస్తున్నప్పుడు చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

మొదట చల్లదనం. చిన్న ఐసు ముక్కని పల్చటి గుడ్డలో చుట్టి, బాగున్న కుడి పక్క పన్నుకి ఆనించి చూడమనండి. మామూలుగా ఎట్టా ఉంటుందో ఆమెకి తెలియాలి. తర్వాత ఎడమ పక్క కింది పళ్లు ఒక్కొక్కటీ, ఆ తర్వాతే పైవి. పైన మొదలుపెడితే కరిగిన నీళ్లు కిందికి కారి ఏ పన్ను జివ్వుమందో తెలియకుండా పోతుంది. బాగున్న పన్ను చల్లగా తగిలి, ఐసు తీసిన కొన్ని సెకన్లకి ఊరుకుంటుంది. జబ్బు పన్ను ఐసు తీశాక కూడా అర నిమిషం పైన సలుపుతూనే ఉంటుంది. ఏ పన్నుకైనా అసలు చల్లదనమే తెలియకపోతే అదీ రాయండి, అది ఇంకా ముఖ్యం.

రెండోది, చెంచా కాడతో ప్రతి పన్ను నెత్తిన మెల్లగా తట్టడం. గట్టిగా కొట్టొద్దు. మూడోది, కుర్చీలో కూర్చుని తల మోకాళ్ల మధ్యకి ఒక నిమిషం వంచడం. నాలుగోది, రెండు చెవుల ముందరా వేళ్లు పెట్టి నోరు పూర్తిగా తెరిచి మూయడం. ఆమె మూడు వేళ్లు నిలువుగా పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య పట్టాలి. పళ్లు గట్టిగా కరిచినప్పుడు చెంపలో బిగుసుకునే కండని కూడా నొక్కి చూడండి.

వేడి టీ తాగితే ఎట్టా ఉంది, రాత్రి పడుకుంటే ఎట్టా ఉందనేది విడిగా అడిగి రాయండి.

బుచ్చి_శీను
వాసన్నా, వదిన నోట్లో చెంచా పెట్టేముందు అన్న దగ్గర అనుమతి తీసుకో :)

కావలి_మాధవి
నాకూ ఇదే, చెవి దగ్గర టక్కు, దవడ నొప్పి. నాది కీలే అని తేలింది. పొద్దున లేవగానే దవడ బిగుసుకుపోయి ఉంటది, చెరుకు ముక్కలూ జంతికలూ తింటే సాయంత్రానికి కణతలు పీకుతాయి. ఆవలిస్తే కాసేపు పట్టేసినట్టుంటది. మా ఇంట్లోవాళ్లు నేను రాత్రి పళ్లు నూరతానని చెప్తే తెలిసింది. మీ వదినకీ టక్కుంది కాబట్టి అదే అయి ఉంటది, పన్ను పీకించుకోవద్దు.

ఒంగోలు_పంటిడాక్టరు
మాధవిగారి నొప్పి కీలుదే. పొద్దున ఎక్కువ, నమిలితే ఎక్కువ, నీళ్లు చల్లగా తాగినా వేడిగా తాగినా తేడా లేదు. కానీ టక్కు ఒక్కటి పట్టుకుని కీలు జబ్బు అనలేం. నొప్పి లేని టక్కు చాలామందికి ఉంటుంది, దానికి వైద్యం అక్కర్లేదు. ఈమె టక్కు పెళ్లికి ముందుది, పోటు మూడు వారాలది. పాతికేళ్లుగా ఊరికే ఉన్నది మూడు వారాల కిందట ఎందుకు కోపం తెచ్చుకుందో చెప్పగలిగితే తప్ప దాని మీద నేరం వేయకూడదు.

కందుకూరు_వాసు (మంగళవారం)
అన్నీ చేశాం మేడం. వంగితే తేడా లేదు. ముక్కు బాగానే ఉంది. మూడు వేళ్లూ పడతా ఉన్నాయి. టక్కుమన్నా నొప్పి లేదు. చెంప కండ నొక్కితే కొంచెం నొప్పంది గానీ కుడి పక్క కూడా అంతే అంది. తట్టితే ఎడమ కింద చివరి పన్ను కొంచెం వేరేగా ఉందంది, పైవి ఏమీ లేవు. చల్లటిది పెడితే విచిత్రంగా హాయిగా ఉందంది! రాత్రిళ్లు పోటు లేచినప్పుడు చల్లటి నీళ్లు పుక్కిట పట్టుకుని కూర్చుంటాదంట, అది మాకు ఇప్పుడే చెప్పింది. వేడి టీ గుటక వేస్తే మాత్రం చెవిలోకి కత్తి దూసినట్టు ఉంటదంట. పడుకుంటే ఎక్కువ.

ఒంగోలు_పంటిడాక్టరు
చల్లటి నీళ్లు పుక్కిట పట్టుకుని కూర్చోవడం, అదే ముఖ్యం. సైనసుకీ దవడ కీలుకీ ఆ లక్షణం ఉండదు. పన్ను లోపల నరం చచ్చిపోయే దశలో ఉన్నప్పుడే వస్తుంది. గట్టి గోడల మధ్య ఇరుక్కున్న గుజ్జు వాచింది, వ్యాకోచించడానికి చోటు లేదు. వేడి తగిలితే లోపల ఒత్తిడి పెరిగి పోటు లేస్తుంది, చల్లటిది పడితే తగ్గుతుంది. పడుకుంటే తలలోకి రక్తం ఎక్కువ చేరి మళ్లీ పోటు. ఈ దశలో ఏ పన్నో రోగికి తెలియదు. లోపలి గుజ్జుకి నొప్పి తెలుసు గానీ చోటు తెలియదు. అందుకే పైన అంటుంది, కింద అంటుంది, చెవి అంటుంది. ఎడమ నుంచి కుడికి మాత్రం దాటదు.

ఎడమ కింద చివరి పన్ను మీదే నాకు అనుమానం. అద్దంలో కనపడకపోతే పుచ్చు వెనక పక్క ఉండొచ్చు. రేపే పంటి డాక్టరుకి చూపించండి.

నొప్పికి పారాసిటమాల్ 500 రెండు మాత్రలు, ఆరేసి గంటలకి. రోజుకి ఎనిమిది మాత్రలు దాటొద్దు. ఐబుప్రోఫెన్ బాగా పనిచేస్తుంది గానీ షుగరున్న మనిషి కాబట్టి కిడ్నీ పరీక్ష బాగుంటేనే వేయండి. రెండూ కలిసిన మాత్ర వేస్తే అందులో ఉన్న పారాసిటమాల్‌ని కూడా లెక్కలో వేసుకోండి. లవంగ నూనె దూదికి ఒక చుక్క చాలు, చిగురుకి తగిలితే కాలుస్తుంది. ఆస్పిరిన్ మాత్ర చిగురు పక్కన పెట్టడం మాత్రం చేయొద్దు, తోలు తెల్లగా ఊడొస్తుంది.

కందుకూరు_వాసు (గురువారం)
నిన్న పొద్దున్నుంచి నొప్పి పూర్తిగా పోయింది మేడం! మాత్ర కూడా వేసుకోలా. వేడి టీ తాగింది, ఏమీ కాలా. వదిన ఇక రానంటా ఉంది.

మందులషాపు_అద్దంకి
చూశారా, మొన్న వాడిన యాంటీబయాటిక్ ఇప్పుడు పట్టింది. అవసరమైతే ఇంకో మూడు రోజులు లాగించండి.

ఒంగోలు_పంటిడాక్టరు
తగ్గలేదు వాసుగారూ, నరం చచ్చిపోయింది. అంత పోటు మందు లేకుండా ఒక్క పూటలో ఆగిపోతే సంతోషపడకూడదు. ఇప్పుడు ఆ పన్నుకి ఐసు ఆనించండి, అసలేమీ తెలియదు చూడండి. చచ్చిన గుజ్జులో సూక్ష్మజీవులు పెరిగి వేరు చివర నుంచి ఎముకలోకి దిగుతాయి. అప్పుడు వచ్చే నొప్పి వేరు రకం. ఇదిగో ఈ పన్నే అని వేలు పెట్టి చూపిస్తుంది, పన్ను ఎత్తు పెరిగినట్టు అనిపిస్తుంది, నాలుక తగిలినా ఓర్చుకోలేదు. కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్ని నెలలూ పట్టొచ్చు. షుగరు ఉంది కాబట్టి ఆగి చూడొద్దు.

@మందులషాపు_అద్దంకి యాంటీబయాటిక్ రక్తంతో పాటే పోవాలి. చచ్చిన నరంలోకి రక్తమే పోదు, మందు యాడికి పోతుంది? చుట్టూ ఉన్న వాపుని కొన్నాళ్లు అణుస్తుంది, మూలం అట్టానే ఉంటుంది. ఈమెకి నాలుగు రోజులు తగ్గి మళ్లీ వచ్చిందే, ఆ కథే. జ్వరం ఉన్నా, ముఖం వాచినా, వాపు పాకుతున్నా మందు కావాలి, కాదనను. అది కూడా పన్ను తెరవడంతో పాటు, తెరవడానికి బదులు కాదు.

మందులషాపు_అద్దంకి
డాక్టరు దొరకని ఊళ్లో రాత్రి పది గంటలకి వచ్చి ఏడిస్తే మేం ఏం చేయాలి మేడం? ఒట్టి చేతులతో పంపలేం కదా.

ఒంగోలు_పంటిడాక్టరు
ఆ రాత్రికి నొప్పి మాత్ర ఇవ్వండి, పొద్దున్నే పొమ్మని గట్టిగా చెప్పండి. మీ కష్టం నాకు తెలియంది కాదు.

గూడూరు_ఈఎన్‌టీ
ఆ ఎక్స్‌రే మసక గురించి ఒక మాట. మామూలు ముఖం ఎక్స్‌రేలో సైనసు పొర కొంచెం మందంగా కనిపించడం ఏ బాధా లేనివాళ్లలో కూడా చూస్తాం. ముక్కు బిగేయడం, చీమిడి, చెంప బరువు ఏవీ లేనప్పుడు ఆ మసకకి వైద్యం చేయకూడదు. దీనికి తిరగేసిన కేసు కూడా ఉంటుంది. ఒకే ముక్కు రంధ్రం నుంచి కుళ్లు వాసన వచ్చే చీమిడి నెలల తరబడి వస్తుంటే, చాలాసార్లు పై దవడ పన్ను వేరు దగ్గరి చీము సైనసులోకి ఎక్కి ఉంటుంది. అట్టాంటి రోగికి ముక్కు ఎన్నిసార్లు కడిగినా పన్ను బాగు చేసేదాకా ఆగదు.

కందుకూరు_వాసు (శనివారం ఉదయం)
మేడం చెప్పినట్టే అయింది. రాత్రి నుంచి ఎడమ కింద చివరి పన్ను కొరకలేకపోతా ఉంది. పన్ను పైకి లేచినట్టుందంట. పక్కన చిగురు ఉబ్బింది. షుగరు పొద్దున పరగడుపున 230 చూపించింది, మామూలుగా 140 లోపు ఉంటది. వేడి కాపడం పెట్టమంటారా? ఒంగోలు పోతా ఉన్నాం.

ఒంగోలు_పంటిడాక్టరు
చెంప మీద బయటి నుంచి వేడి కాపడం పెట్టొద్దు, చీము బయటి తోలు వైపుకి దారి చేసుకుంటుంది. లోపల గోరువెచ్చని ఉప్పు నీళ్లు పుక్కిలించడం మంచిది, గ్లాసుకి అర చెంచా ఉప్పు. చీము నోట్లోకి వస్తే ఉమ్మేయాలి.

దారిలో ఇవి గమనించండి: గడ్డం కింద వాపు గట్టిగా రాయిలా కావడం, నాలుక పైకి లేచినట్టుండటం, ఉమ్మి మింగలేక కారడం, మాట ముద్దగా రావడం, ఊపిరి ఆడకపోవడం. వీటిలో ఏదొచ్చినా పంటి క్లినిక్‌కి కాదు, నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి. కింది చివరి పళ్ల చీము నాలుక కిందికి దిగితే గంటల్లో గొంతు మూసేస్తుంది.

దర్శి_ఎక్స్‌రే
అక్కడ చిన్న ఫిల్ము అడగండి, నోట్లో పెట్టి ఒక్క పన్నుకి తీసేది. దవడ మొత్తం చుట్టి తీసే పెద్ద ఫిల్ములో వేరు చివర సన్నటి మార్పు సరిగా తేలదు. పెద్దది కూడా దండగ కాదు, వెనక జ్ఞానదంతం ఎట్టా పడుకుని ఉందో అందులో తెలుస్తది. ఫిల్ములో ఏమీ లేదన్నారని వచ్చేయొద్దు. వేరు చివర ఎముక చాలా భాగం కరిగితేనే నల్లగా కనపడతది, కొత్త చీముకి ఫిల్ము మామూలుగానే ఉండొచ్చు.

కందుకూరు_వాసు (శనివారం రాత్రి)
వచ్చేశాం. ఎడమ కింద రెండో పెద్ద దవడ పన్ను అంట. దాని వెనక జ్ఞానదంతం ముందుకి వంగి ఆనుకుని ఉంది, ఆ సందులో అన్నం మెతుకులు ఇరుక్కుని వెనక గోడ పుచ్చిపోయింది. అద్దంలో యాడ కనపడతది! ఐసు లాంటి మందు దూదికి కొట్టి పెట్టారు, ఆ పన్నుకి అసలేం తెలియలా, పక్కదానికి వెంటనే తెలిసింది. తట్టితే ఎగిరిపడింది. ఫిల్ములో వేరు చుట్టూ గీత మందంగా ఉందన్నారు.

వదినకి అప్పటికీ చెవి పోటు, పై పళ్ల నొప్పి కూడా ఉన్నాయి. అందుకని మొదట కింద మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పెదవి మొద్దుబారేదాకా ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. కింది పన్నుతో పాటు చెవి పోటూ పోయింది, పై నొప్పీ పోయింది! పైన మత్తు అసలు ఇవ్వలా. అప్పుడు పన్ను నెత్తిన రంధ్రం చేస్తే చీము బొట్లు బొట్లుగా బయటికొచ్చింది, ఆ వాసనకి నేను బయటికొచ్చేశా. పది నిమిషాలకి వదిన ముఖం తేటపడింది.

ఒంగోలు_పంటిడాక్టరు
ఆ డాక్టరు చాలా బాగా చేశారు. కింద మొద్దుబారితే పై నొప్పి కూడా పోయిందంటే, పై పళ్లలో జబ్బు లేదని తేలినట్టే. ఆ ఒక్క ఇంజెక్షన్‌తో పైన బాగున్న పన్నొకటి మిగిలింది. కింద మత్తు ఎక్కాక కూడా చెవి ముందు నొప్పి అట్టానే ఉండి ఉంటే, అప్పుడు కీలో కండో అని వెతికేవాళ్లం.

కావలి_మాధవి
అయితే నేను తొందరపడ్డా. ఆ టక్కు సంగతేంటి మరి?

ఒంగోలు_పంటిడాక్టరు
ప్రస్తుతానికి వదిలేయండి. కాకపోతే రూట్ కెనాల్‌కి చాలాసేపు నోరు తెరిచి ఉంచాలి, చివరి పన్ను కాబట్టి ఇంకా వెడల్పుగా. ముందే టక్కున్న కీలు తర్వాత వారం నొప్పి పెట్టొచ్చు. పళ్ల మధ్య రబ్బరు దిమ్మ పెట్టమనండి, మధ్యమధ్యలో నోరు మూసి ఆపమనండి. ఆ వారం రాగి సంకటి, పెరుగన్నం లాంటి మెత్తటివి పెట్టండి. కీలుకైతే గోరువెచ్చటి గుడ్డ పావుగంట పెట్టొచ్చు, వాపు పూర్తిగా పోయాకే.

కందుకూరు_వాసు
ఇంకో చిక్కు ఉంది. వెనక పుచ్చు చిగురు కిందికి బాగా దిగిందంట. రూట్ కెనాల్ చేసి, జ్ఞానదంతం తీసి, టోపీ వేసి నిలబెట్టొచ్చు అన్నారు. లేదా రెండూ పీకేయొచ్చు అన్నారు. మీరైతే?

ఒంగోలు_పంటిడాక్టరు
ఫిల్ము చూడకుండా చెప్పను. జ్ఞానదంతం తీశాక వెనక గోడలో గట్టి పన్ను ఎంత మిగులుతుందనే దాని మీద ఉంటుంది. టోపీ అంచు గట్టి పన్ను మీద ఆనాలి, చిగురు కింద ఎముక దాకా పుచ్చి ఉంటే ఎంత ఖర్చు పెట్టినా ఊడుతుంది.

దర్శి_ఎక్స్‌రే
నేనైతే పీకించేస్తా. ఆ సందులో చిగురు వెనక గుంత పడి మళ్లీ ఇరుక్కుంటది.

గూడూరు_ఈఎన్‌టీ
నమిలే పన్ను అది, 44 ఏళ్లకే పీకడం ఎందుకు? షుగరు అదుపులో ఉంటే నిలబెట్టే ప్రయత్నం చేయొచ్చు కదా.

కందుకూరు_వాసు
బుధవారం మళ్లీ రమ్మన్నారు. ముందు జ్ఞానదంతం తీసి, వెనక గోడ చూశాక చెప్తామన్నారు. ఈ పొద్దు షుగరు 170. చెవి చుక్కల సీసా ఇంకా సగం ఉంది, పారేయమంటారా?

గూడూరు_ఈఎన్‌టీ
పారేయండి. మూత తీసిన చుక్కలు దాచుకోకూడదు.